చిన్న క్లినిక్ నుంచి పేషెంట్లకు పండుగ శుభాకాంక్షలు: జాబితా తయారీ నుంచి జవాబుల దాకా

పండుగ దగ్గర పడిందంటే క్లినిక్‌లలో పనిచేసే స్నేహితులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "పేషెంట్లకు విషెస్ పంపాలి, ఏం రాయమంటావు?" నేను ముందు ఎవరికి పంపుతున్నారో అడుగుతాను. ఎందుకంటే ఈ పనిలో మాటల్లో తప్పు దొర్లే చోటు తక్కువ. నంబర్ల జాబితాలో తప్పు దొర్లితే మాత్రం ఒక ఇంట్లో పండుగ పూట బాధ పెట్టినవాళ్లమవుతాం.

ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది, ఒక రిజిస్టరు ఉన్న క్లినిక్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పండుగకు వారం ముందు మొదలుపెడితే టెన్షన్ లేకుండా అయిపోతుంది.

## 1. ముందుగా తేల్చుకోవాల్సినవి

పంపే పని ఒక్కరికే అప్పజెప్పండి. ఇద్దరు చేస్తే ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్తుంది, లేదా ఎవరికి వారు రెండోవాళ్లు పంపారనుకుని ఊరుకుంటారు. జాబితాను మాత్రం డాక్టర్ గారు ఒకసారి చూడాల్సిందే. ఆయనకో ఆవిడకో తెలిసిన విషయాలు రిజిస్టర్‌లో ఉండవు.

ఏ పండుగలకు పంపాలో ఏడాదికి ఒకసారే నిర్ణయించుకోండి. మూడో నాలుగో చాలు. నెలకొక మెసేజ్ వెళ్తే జనం చదవడం మానేస్తారు. ఆ తర్వాత మీరు అపాయింట్‌మెంట్ గురించి పంపినా చూడరు.

పేరును బట్టి మతాన్ని ఊహించి జాబితాను విడగొట్టకండి. ఆ ఊహ తరచూ తప్పుతుంది, తప్పినప్పుడు ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. ఎంచుకున్న ప్రతి పండుగకూ అందరికీ పంపడం ఒక పద్ధతి. పేరు నమోదు చేసేటప్పుడే "ఏ పండుగకు పంపమంటారండీ?" అని అడిగి రాసుకోవడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే నచ్చుతుంది. గుడ్ ఫ్రైడే, మొహర్రం లాంటివి సంతాపంతో ముడిపడిన రోజులు. వాటికి శుభాకాంక్షలు పంపకూడదు.

ఇక మీ క్లినిక్ పేరు గురించి ఆలోచించండి. ఫోన్ ఇంట్లో పదిమంది చేతుల్లో తిరుగుతుంది. పేరులోనే సంతానలేమి అనో, మానసిక వైద్యం అనో, చర్మవ్యాధులనో ఉంటే, శుభాకాంక్ష కింద ఆ పేరు కనబడగానే పేషెంటు ఎవరికీ చెప్పుకోని సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. అలాంటి చోట డాక్టర్ పేరు మాత్రమే పెట్టండి. అదీ కుదరకపోతే, ఫోన్‌కు పంపడం మానేసి రిసెప్షన్ దగ్గర చిన్న కార్డు పెట్టండి. మెసేజ్ వచ్చే నంబర్ పేరు, ప్రొఫైల్ ఫొటో కూడా చూసుకోండి. కింద సంతకంలో తీసేసిన పేరు పైన కనబడుతుంటే లాభం లేదు.

## 2. నంబర్ల జాబితా తయారు చేయడం

పేషెంటు నంబరు ఇచ్చింది అపాయింట్‌మెంట్ కోసం, రిపోర్టు కోసం. పండుగ మెసేజ్‌కు విడిగా అడగాలి. నమోదు ఫారంలో ఒక లైను చాలు:

"పండుగ శుభాకాంక్షలు పంపమంటారా? అవును / వద్దు"

పాత పేషెంట్లను వచ్చినప్పుడల్లా నోటితో అడిగి గుర్తు పెట్టుకోండి. ఏమీ చెప్పని చోటు "వద్దు" కిందే లెక్క.

తర్వాత నంబర్లను ఒక షీట్‌లోకి తీసుకోండి. అందులో ఉండాల్సింది నంబరు, పంపాలా వద్దా అనే గుర్తు, అంతే. జబ్బు పేరు, వాడే మందులు, చివరిసారి వచ్చిన తేదీ ఈ షీట్‌లోకి రాకూడదు. ఇది సిబ్బంది ఫోన్లలో తిరుగుతుంది, ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఒకటి, గర్భిణులకు ఒకటి అంటూ వేరువేరు మెసేజ్‌లు తయారు చేయాలనే ఆలోచన కూడా ఇక్కడే ఆపేయండి.

ఇప్పుడు ఒకే నంబరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నలుగురూ మీ దగ్గరికే వస్తుంటే, నాలుగు పేర్ల పక్కనా తల్లి నంబరే ఉంటుంది. అలాగే పంపితే ఆవిడకు ఒకే మెసేజ్ నాలుగుసార్లు వెళ్తుంది. ఎక్సెల్‌లో అయితే షీట్ మొత్తాన్ని ఎంచుకుని `Data` కింద ఉన్న `Remove Duplicates` నొక్కి, నంబర్ల నిలువు వరుసకు మాత్రమే టిక్ ఉంచితే సరిపోతుంది. కాకపోతే ఒక నంబరు ముందు దేశం కోడ్ ఉండి, అదే నంబరు ఇంకోచోట కోడ్ లేకుండా ఉంటే, ఆ రెండూ వేరనుకుంటుంది. ముందుగా అన్నిటినీ ఒకే తీరులోకి మార్చండి.

పేర్లతో పంపాలనే మోజు చాలామందికి ఉంటుంది. నేను వద్దంటాను. పేరు పెట్టిన చోటే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. మూడేళ్ల పాప పేరు పక్కన "గారికి" పడుతుంది, పేరు బదులు ఖాళీ బ్రాకెట్ వెళ్తుంది, ఇంటిపేరు ఒక్కటే వెళ్తుంది. "నమస్కారం అండి" అంటే అందరికీ సరిపోతుంది.

## 3. ఈసారి ఎవరికి పంపకూడదు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

నేను రిసెప్షన్‌లో పనిచేస్తున్న రోజుల్లో, పండుగ మర్నాడు ఒక పెద్దావిడ వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, ఫోన్ తెరిచి నా ముందు పెట్టారు. తెర మీద మేం పంపిన శుభాకాంక్ష ఉంది. మొదటి లైన్‌లో ఆవిడ భర్త పేరు, పక్కన "గారూ" అని. ఆయన పోయి అప్పటికి మూడు వారాలు. ఆ సంగతి డాక్టర్ గారికి తెలుసు, నాకూ తెలుసు, జాబితాకు మాత్రం తెలియదు. ఆవిడ కోప్పడలేదు. "ఈ నంబరు తీసెయ్యమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఈ పని నేను ఇలా చేస్తున్నాను.

పండుగకు రెండు రోజుల ముందు డాక్టర్ గారితో పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. గత మూడు నెలల్లో వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లోంచి ఒక్కొక్కటే చదవాలి. ఏ పేరు దగ్గర ఆగాలో డాక్టర్ గారే చెబుతారు. "ఎందుకు?" అని అడగక్కర్లేదు. షీట్‌లో ఆ నంబరు పక్కన "ఈసారి వద్దు" అని మాత్రమే రాయాలి. కారణం రాస్తే అది ఇంకొకరి కంట పడుతుంది.

ఆగాల్సిన పేర్లు సాధారణంగా ఇవి:

- చనిపోయినవాళ్లు. ఈ నంబరు శాశ్వతంగా తీసేయాలి. అదే నంబరు మీద ఇంట్లో మరొకరు కూడా పేషెంటుగా ఉంటే శాశ్వతంగా తీయక్కర్లేదు, కానీ ఈ ఏడాదికి పంపకండి.
- ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు. ఆ ఏడాది పండుగే చేసుకోని ఇళ్లు ఉంటాయి.
- గర్భం నిలవనివాళ్లు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు.
- ఈ మధ్యే పెద్ద జబ్బు బయటపడినవాళ్లు, ఇంకా ఆసుపత్రిలో ఉన్నవాళ్లు.
- రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. క్లినిక్ నంబరు నుంచి ఫోన్ మోగగానే వాళ్ల గుండె ఝల్లుమంటుంది. తెరిచి చూస్తే పండుగ బొమ్మ.
- మీ మీద ఫిర్యాదు చేసి, ఇంకా సమాధానం అందనివాళ్లు. ముందు వాళ్లకు సమాధానం చెప్పండి.

వీళ్లను మరిచిపోయినట్టు అవుతుందేమోనని కొందరు డాక్టర్లు అడుగుతారు. అలా అనిపించిన ఒకరిద్దరికి పండుగ తర్వాత డాక్టర్ గారే స్వయంగా ఫోన్ చేసి "ఎలా ఉన్నారమ్మా" అని పలకరించడం మంచిది. అందరికీ పంపే మెసేజ్ ఆ పలకరింపుకు సాటి రాదు.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. రిజిస్టర్‌లో 318 పేర్లు ఉన్నాయనుకోండి. ఒకే నంబరున్నవాళ్లను కలిపితే 241 నంబర్లు మిగిలాయి. అందులో 29 మంది వద్దన్నారు లేదా ఏమీ చెప్పలేదు. డాక్టర్ గారితో కూర్చున్నప్పుడు మరో 11 పక్కకు వెళ్లాయి. పంపాల్సినవి 201. ఈ 11 కోసమే పావుగంట కూర్చున్నాం. ఆ పావుగంట దండగ కాదు.

## 4. మాటలు రాయడం

మెసేజ్‌లో మూడే ముక్కలు: పలకరింపు, శుభాకాంక్ష, సంతకం. ఇదిగో:

"నమస్కారం అండి. మీకూ మీ వాళ్లకూ పండుగ శుభాకాంక్షలు. – డాక్టర్ రమ, సిబ్బంది"

రమ అనేది ఉదాహరణకు పెట్టిన పేరు. పండుగ పేరు మీరు చేర్చుకోండి. "మీ కుటుంబానికి" అనకుండా "మీ వాళ్లకూ" అన్నది కావాలనే. ఒంటరిగా ఉండేవాళ్లకు కూడా ఆ మాట అతుకుతుంది.

మన భాషలో దీవెన అనగానే నోటికి వచ్చేది "ఆయురారోగ్య ఐశ్వర్యాలతో" అన్న మాట. ఎవరి నోటి నుంచైనా అది చల్లని దీవెనే. క్లినిక్ నుంచి వెళ్తే దాని రంగు మారుతుంది. నయం కాని జబ్బుతో ఉన్న మనిషి, తన జబ్బు తెలిసిన డాక్టర్ నుంచి ఆ మాట చదివితే ఎలా ఉంటుంది? "నిండు నూరేళ్లు" కూడా అంతే. ఇంకేదైనా ఒక మాట కావాలనిపిస్తే "ఈ పండుగ మీకు ప్రశాంతంగా గడవాలని కోరుకుంటున్నాం" అని రాయండి. అందులో ఒంటి గురించి ఏమీ లేదు.

వీటిని కూడా తీసేయండి:

- "పండుగ సందర్భంగా పరీక్షలపై తగ్గింపు", ప్యాకేజీ, కొత్త మెషీన్, కొత్త డాక్టరు వచ్చిన కబురు.
- "తీపి తగ్గించండి", "మందులు మరవకండి" లాంటి సలహాలు. మంచి మనసుతో రాసినా, పండుగ పూట మనిషిని మళ్లీ పేషెంటుగా కూర్చోబెడతాయి.
- చిరునామా, పనివేళలు, ఫోన్ నంబరు, లింకు. ఇవి చేరగానే శుభాకాంక్ష కాస్తా కరపత్రం అయిపోతుంది.
- "మళ్లీ కలుద్దాం", "ఎప్పుడూ మీ సేవలో". క్లినిక్‌కు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు.

పండుగకు క్లినిక్ మూసేస్తున్నట్టయితే ఆ సంగతి చెప్పి తీరాలి. కానీ అది వేరే మెసేజ్. ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు, అత్యవసరమైతే ఎక్కడికి వెళ్లాలి అన్నవి రాసి మూడు రోజుల ముందే పంపేయండి. పండుగ రోజు ఉదయం తెలిస్తే మందులు అయిపోయినవాళ్లకు ప్రయోజనం ఉండదు.

బొమ్మ కంటే మామూలు అక్షరాలే మేలు. కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతారు, కొందరు ఫోన్ చేతే చదివించుకుంటారు. బొమ్మలో రాసిన మాటలకు ఆ వీలు చాలా తక్కువ. బొమ్మ కావాల్సిందే అంటే స్టెతస్కోప్, మాత్రలు, గుండె గీతలు లేనిది తీసుకోండి. లోగో పెద్దగా వేయకండి. ఎవరో పంపిన బొమ్మను అలాగే ముందుకు తోస్తే పైన `Forwarded` అని కనబడుతుంది. అది చూశాక లోపల ఏం రాసినా ఒకటే.

అక్షరదోషాలను ఇంకొకరి చేత చదివించండి. తరచూ తప్పుపోయేవి రెండు: "శుభాకాంశలు" కాదు, శుభాకాంక్షలు. "హార్థిక" కాదు, హార్దిక.

## 5. ఎస్సెమ్మెస్ అయితే అక్షరాల లెక్క

వాట్సాప్ లేనివాళ్లకు ఎస్సెమ్మెస్ పంపాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 పడతాయి. తెలుగులో 70 మాత్రమే. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కలో 67 పడతాయి. ఖర్చు రెట్టింపు అవుతుంది.

మనం ఒక అక్షరం అనుకునేది ఫోన్ లెక్కలో ఒకటి కాదు. గుణింతం, పొల్లు, వత్తు, సున్నా దేనికదే లెక్క. "శుభాకాంక్షలు" మనకు ఐదు అక్షరాలు, ఫోన్‌కు పన్నెండు. చేత్తో లెక్కపెట్టడం కష్టం కాబట్టి, మెసేజ్‌ను షీట్‌లో A2 గడిలో అతికించి పక్క గడిలో ఇది రాయండి:

```
=LEN(A2)
```

పైన ఇచ్చిన మెసేజ్‌కు 73 వస్తుంది, అంటే మూడు ఎక్కువ. "డాక్టర్" బదులు "డా." అంటే 69కి దిగుతుంది. ఇప్పుడు "పండుగ" స్థానంలో "దీపావళి" పెట్టండి, 71 అవుతుంది. ఒక్కటి ఎక్కువైనా రెండు ముక్కలే. అప్పుడు "నమస్కారం అండి" లోంచి "అండి" తీసేస్తే 66. తర్వాత "మీకూ" ఉంది కాబట్టి మర్యాదకు లోటు రాదు. ఎమోజీ ఒక్కటి పెట్టినా రెండు లెక్కలోకి వస్తాయి, జాగ్రత్త.

## 6. పంపడం

వాట్సాప్‌లో గ్రూపు పెట్టకండి. గ్రూపులో చేర్చగానే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఎవరెవరు మీ దగ్గర వైద్యం చేయించుకుంటున్నారో మీరే చాటినట్టు అవుతుంది. పక్కింటావిడ కూడా అదే గ్రూపులో ఉంటుంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. ఒక లిస్ట్‌లో 256 మంది దాకా పడతారు కాబట్టి మన 201 మందికి ఒక్కటి చాలు. మెసేజ్ ఎవరికి వారికే విడిగా వెళ్తుంది, జవాబు మీకే వస్తుంది. ఒక చిక్కు ఉంది. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఇది చేరుతుంది. పంపిన కాసేపటికి మెసేజ్ వివరాలు తెరిచి, ఎవరికి చేరిందో చూసుకోండి. చేరనివాళ్లలో కొందరు ఫోన్ ఆపేసి ఉండొచ్చు, కొందరు నంబరు సేవ్ చేసుకోనివాళ్లు అయి ఉండొచ్చు. వాళ్లకు మళ్లీ మళ్లీ పంపకండి, తర్వాతిసారి క్లినిక్‌కు వచ్చినప్పుడు నోటితో చెబితే సరిపోతుంది.

సమయం: పండుగ రోజు ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య. అర్ధరాత్రి పన్నెండింటికి వద్దు. ఆ వేళ క్లినిక్ నుంచి మెసేజ్ అంటే ఉలిక్కిపడి లేస్తారు.

పంపే ముందు:

- మీ నంబరుకు, డాక్టర్ గారి నంబరుకు ముందుగా పంపి చూశారా?
- "ఈసారి వద్దు" నంబర్లు లిస్ట్‌లో లేవని మరోసారి చూశారా? పాత బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌ను మళ్లీ వాడుతుంటే ఇది తప్పనిసరి. షీట్‌లో తీసేసినంత మాత్రాన ఫోన్‌లోని లిస్ట్‌లోంచి పోదు.
- నిన్నటి నుంచి ఈ ఉదయం దాకా చెడు కబురేమైనా వచ్చిందా అని డాక్టర్ గారిని అడిగారా?
- వచ్చే జవాబులు ఎవరు చూస్తారో అనుకున్నారా?

## 7. జవాబులు వస్తాయి

ఎక్కువమంది "మీకు కూడా" అంటారు. ఒక నమస్కారం గుర్తు చాలు.

కొందరు ఇదే అదనుగా బాధ చెప్పుకుంటారు: "మేడం, రెండు రోజులుగా ఛాతీలో నొప్పిగా ఉంది." మీరు మెసేజ్ పంపారు కాబట్టి అటువైపు ఎవరో ఉన్నారనే ధైర్యంతో రాస్తారు. అందుకే పంపి ఫోన్ పక్కన పడేయడానికి లేదు. ఆ రోజంతా గంటకోసారైనా ఎవరో ఒకరు చూడాలి. ఇలాంటిది వస్తే మెసేజ్‌లో వైద్యం మాట్లాడకుండా వెంటనే ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం లాంటివైతే ఆగకుండా దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్లమని చెప్పి, డాక్టర్ గారికి అప్పుడే తెలియజేయాలి. అంతగా చూసే మనిషి లేని పండుగ రోజు అయితే శుభాకాంక్షను ముందు రోజు, క్లినిక్ తెరిచి ఉండగానే పంపేయండి.

"ఇక పంపకండి" అని ఎవరైనా అంటే ఒకటే జవాబు: "అలాగే అండి, ఇకపై పంపం." కారణం అడగకండి. షీట్‌లోంచి, ఫోన్‌లోని లిస్ట్‌లోంచి రెండు చోట్లా అప్పటికప్పుడే తీసేయండి.

"మీరెవరు?" అని వస్తే ఆ నంబరు చేతులు మారి ఉండొచ్చు. "పొరపాటున వచ్చిందండి, క్షమించండి" అని ఊరుకోండి. ఏ పేషెంటు కోసం పంపారో పేరు చెప్పకండి. తర్వాత ఆ పేషెంటు కొత్త నంబరు కనుక్కోండి. అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు కూడా అదే తప్పు నంబరుకు పోతూ ఉండొచ్చు.

## 8. తప్పు జరిగిపోతే

అక్షరదోషం, రెండుసార్లు వెళ్లడం లాంటివి వదిలేయండి. సరిచేస్తూ ఇంకో మెసేజ్ పంపితే అది మూడోది అవుతుంది. వాట్సాప్‌లో చెరిపేసినా, చెరిపేసిన గుర్తు మిగులుతుంది. క్లినిక్ ఏం పంపి చెరిపిందోనని కంగారు పడతారు.

పొరపాటున గ్రూపు పెట్టేస్తే మెసేజ్‌లు ఆగేలా సెట్టింగ్ మార్చి, అందరినీ తీసేసి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ విడిగా క్షమాపణ పంపండి. నంబర్లు అప్పటికే కొందరు చూసి ఉంటారు, ఆ మాట దాచకుండా చెప్పండి.

పంపకూడని ఇంటికి వెళ్లిపోతే మెసేజ్‌తో సర్దుబాటు చేయాలని చూడకండి. డాక్టర్ గారే ఫోన్ చేయాలి. నేను చెప్పిన పెద్దావిడకు ఆ సాయంత్రం డాక్టర్ గారు ఫోన్ చేశారు. "తప్పు మాదేనమ్మా, జాబితా చూసుకోలేదు" అన్నారు. సిబ్బంది మీదికి, కంప్యూటర్ మీదికి నెట్టలేదు. తర్వాత ఇద్దరూ ఆవిడ భర్త గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ ఇప్పటికీ ఆ క్లినిక్‌కే వస్తారు. ఆవిడ నంబరు పక్కన మాత్రం "వద్దు" అనే ఉంది, మార్చమని ఆవిడ చెప్పేదాకా అలాగే ఉంటుంది.